సెమిస్టర్ పరీక్షల కోసం నాలుగు రోజుల సెలవు అభ్యర్థన

ఒంగోలు,
28 మే 2025

క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్ గారికి,

విషయం: జూన్ 7, 9, 10, 11 తేదీల్లో సెలవు కోరుతూ

మేడమ్, నమస్కారం.

మే 5 నుంచి మన డెయిరీ ల్యాబ్‌లో షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ చేస్తున్న బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని శ్రావణిని. మా నాలుగో సెమిస్టర్ పరీక్షల్లో వాయిదా పడిన రెండు పేపర్లకు నిన్న సాయంత్రం కొత్త తేదీలు వచ్చాయి. జూన్ 9 సోమవారం ఆర్గానిక్ కెమిస్ట్రీ, 11 బుధవారం ఫిజికల్ కెమిస్ట్రీ. రెండూ ఉదయం 9 నుంచి 12 వరకు. సెంటర్ నరసరావుపేటలోని మా కాలేజీయే. ఈ రెండు పేపర్లు రాసి రావడానికి జూన్ 7 శనివారం, 9, 10, 11 తేదీలకు సెలవు ఇవ్వాలని కోరుతున్నాను. మధ్యలో 8వ తేదీ ఆదివారం ఇంటర్న్‌లకు ఎలాగూ సెలవే. 12 గురువారం ఉదయం ఏడున్నరకు మామూలుగా డ్యూటీలో ఉంటాను.

పరీక్షలు రెండు రోజులే అయినా నాలుగు రోజులు ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. హాల్ టికెట్ కాలేజీ ఆఫీసులో స్వయంగా సంతకం చేసి తీసుకోవాలి. ఆదివారం ఆఫీసు ఉండదు, సోమవారం పొద్దున్నే పరీక్ష. కాబట్టి శనివారం అక్కడ ఉండక తప్పదు. మంగళవారం ఇక్కడికి వచ్చి పని చూసుకుని వెళ్ళగలనా అని కూడా ఆలోచించాను. రానుపోను బస్సులోనే దాదాపు ఆరు గంటలు పోతుంది. ఆ అలసటతో ల్యాబ్‌లో శాంపిళ్ళు చూడడం మంచిది కాదు, మర్నాటి పరీక్షకూ న్యాయం జరగదు. ఈసారి రాయకపోతే ఈ రెండు పేపర్లూ మళ్ళీ వచ్చే ఏడాది నాలుగో సెమిస్టర్ పరీక్షలతో కలిపి రాయాల్సి వస్తుంది. అప్పటిదాకా అవి బ్యాక్‌లాగ్‌లుగానే ఉంటాయి.

నేను లేని రోజుల్లో పని ఎలా జరగాలన్నదే నాకు ఎక్కువ ఆలోచన. ఉదయం ట్యాంకర్ల శాంపిళ్ళకు గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసే పనిలో టెక్నీషియన్ గారికి నేను, రేవతి సాయం చేస్తున్నాం. బ్యూటిరోమీటర్‌లో యాసిడ్ పోసే పని ఇంటర్న్‌లు ఒంటరిగా చేయకూడదని మీరు మొదటి రోజే చెప్పారు. ఆ నాలుగు రోజులూ యాసిడ్ తనే పోస్తానని, ఆ తర్వాత పాలు, అమైల్ ఆల్కహాల్ కలపడం, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టడం, రీడింగ్ రాయడం రేవతి తన పక్కనే ఉండి చేస్తే సరిపోతుందని టెక్నీషియన్ గారు అన్నారు. రేవతి కూడా సరేనంది. మీరు కూడా ఒప్పుకుంటేనే అలా చేస్తాం.

మీరు నాకు అప్పజెప్పిన మిథిలీన్ బ్లూ పరీక్ష గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. మే 19 నుంచి నాలుగు రూట్ల పాలకు, ఉదయం శాంపిల్‌కూ సాయంత్రం శాంపిల్‌కూ రంగు పోయే సమయాన్ని విడివిడిగా నమోదు చేస్తున్నాను. సాయంత్రం శాంపిళ్ళు మాత్రం నేను డ్యూటీలో ఉండని వేళ వస్తాయి కాబట్టి, రెండో షిఫ్టు వాళ్ళు రాసిపెట్టినవే తీసుకుంటున్నాను. మూడో రూట్ సాయంత్రం పాలకు రెండు గంటల్లోపే నీలం పోయి తెల్లబడుతోంది. అదే రూట్ ఉదయం పాలు నాలుగు గంటలు దాటినా నిలుస్తున్నాయి. పాలు సేకరించాక కూలింగ్ యూనిట్‌కు చేరడంలో ఆలస్యం జరుగుతోందా, లేక క్యాన్లు సరిగా కడగడం లేదా అన్నది తేలాలంటే ఇంకా కొన్ని రోజుల రీడింగులు కావాలి. మధ్యలో నాలుగు రోజులు ఖాళీ వస్తే ఆ పట్టికకు విలువ తగ్గుతుంది. అందుకని ఆ రోజుల్లో ఉదయం రీడింగులు రేవతి రాస్తుంది. తనకు ఈ వారమంతా నాతోపాటు ట్యూబులు పెట్టి చూపిస్తున్నాను: 10 మిల్లీలీటర్ల పాలకు 1 మిల్లీలీటరు ద్రావణం, 37 డిగ్రీల వాటర్ బాత్, అరగంటకోసారి ట్యూబును నెమ్మదిగా తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టడం. రంగు పూర్తిగా పోయిందా, పైన కాస్త మిగిలిందా అన్న దగ్గర ఇద్దరి కళ్ళకూ తేడా రాకుండా, మూడు రోజులుగా ఒకే ట్యూబును విడివిడిగా చూసి సమయాలు సరిపోల్చుకుంటున్నాం. ఆ నాలుగు రోజులకు సరిపడా ద్రావణం 6వ తేదీ శుక్రవారం మీ ఎదుటే కలిపి, వెలుతురు తగలకుండా ముదురు రంగు సీసాలో పోసి, తేదీ రాసి పెట్టి వెళ్తాను.

ఇక గంటల సంగతి. మా ఇంటర్న్‌షిప్‌కు 240 గంటలు పూర్తి కావాలి. రోజుకు ఐదు గంటల చొప్పున జూన్ 28 దాకా లెక్క సరిగ్గా సరిపోయేది. ఈ సెలవుతో 20 గంటలు తగ్గుతాయి. 12వ తేదీ నుంచి పది రోజులపాటు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వచ్చి ఆ లోటు పూడుస్తాను. ఆ వేళకే సాయంత్రం ట్యాంకర్లు వస్తాయి కాబట్టి మూడో రూట్ శాంపిల్‌ను నేనే స్వయంగా ట్యూబుల్లో పెట్టగలుగుతాను, దానికి ఎక్కువ రీడింగులు కావాల్సింది కూడా అప్పుడే. హాస్టల్ మన గేటుకు దగ్గరే, వార్డెన్ గారి అనుమతి కూడా తీసుకున్నాను. సాయంత్రం షిఫ్టులో ఇంటర్న్‌లు ఉండడానికి వీల్లేదంటే, జూన్ 30 నుంచి జూలై 3 వరకు నాలుగు రోజులు అదనంగా వచ్చి పూర్తి చేస్తాను. ఈ రెండింటిలో మీకు ఏది అనుకూలమో చెప్పండి. సెలవు రోజులకు లాగ్ బుక్‌లో సెలవు అనే రాస్తాను. వాటికి స్టైపెండ్ లెక్క కట్టనవసరం లేదు.

శనివారం ట్యాంకర్లు ఎక్కువగా వస్తాయని నాకు తెలుసు. ఆ రోజు మొత్తం సెలవు ఇవ్వడం కష్టమైతే, పొద్దున్నే ఆరున్నరకే వచ్చి మొదటి ట్యాంకర్ల పని ముగించుకుని పది గంటలకు బయలుదేరతాను. కాలేజీ ఆఫీసు సాయంత్రం నాలుగున్నర దాకా ఉంటుంది కాబట్టి అందుకోగలను. మిగతా మూడు రోజుల్లో మాత్రం సర్దుబాటుకు నాకు వీలు లేదు మేడమ్.

కొత్త టైమ్ టేబుల్ కాపీ, ప్రిన్సిపాల్ గారి లేఖ ఈ ఉత్తరంతో జతచేశాను. మా కాలేజీ మెంటర్ గారికి కూడా ఫోన్ చేసి చెప్పాను. మీ సంతకంతో సెలవు పత్రం అందితే దాన్ని ఫైల్లో పెడతామన్నారు. జూన్ 2 సోమవారంలోగా మీ నిర్ణయం తెలిస్తే బస్సు టికెట్ తీసుకోవడానికి, రేవతికి మిగిలిన పని అప్పజెప్పడానికి సమయం ఉంటుంది. ఇంకేమైనా అడగాలనుకుంటే రేపు టీ విరామంలో మీ గదికి వస్తాను, రిజిస్టర్ కూడా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు
శ్రావణి
బీఎస్సీ కెమిస్ట్రీ, రెండో సంవత్సరం
ఇంటర్న్, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్

జతపరచినవి: పరీక్షల టైమ్ టేబుల్ కాపీ, ప్రిన్సిపాల్ గారి లేఖ