పిల్లల విరేచనాలు: చేతులు, నీళ్లు

అక్కా, ముందుకు రండి, ఈ బకెట్ కనబడాలి. ఒకసారి చేతులు చూసుకోండి. శుభ్రంగానే ఉన్నాయి కదా? విరేచనాలు తెచ్చే క్రిములు కంటికి కనబడవు, అదే చిక్కు. ఉత్త నీళ్లతో కడిగితే పోవు, సబ్బు పడాల్సిందే. ఇదిగో, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ. బొటనవేలిని అందరం మర్చిపోతాం. 20 సెకన్లు రుద్ది, ధారగా పోసే నీళ్లతో కడగాలి. పైట కొంగుకి తుడిస్తే కడిగిందంతా వృథా!

దొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డకి ముడ్డి కడిగాక, వంటకి ముందు, తినిపించే ముందు తప్పకుండా కడగాలి. చంటిబిడ్డ మలం ఏం చేయదనుకోకండి, అందులోనూ క్రిములుంటాయి.

తాగే నీళ్లు బాగా తెర్లాక ఇంకో నిమిషం మరగనిచ్చి, చల్లార్చి మూత పెట్టండి. చెయ్యి ముంచొద్దు, పొడుగు కాడ గరిటెతో తీయండి. ఆరు నెలల్లోపు బిడ్డకైతే తల్లిపాలే చాలు, నీళ్లు కూడా వద్దు.

విరేచనాలు పట్టుకుంటే పాలు, తిండి ఆపకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం కలిపి, కొంచెం కొంచెంగా పట్టండి. మలంలో రక్తం పడినా, కళ్లు లోతుకుపోయినా, బిడ్డ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సరే, ముందు ఎవరు కడిగి చూపిస్తారు?