కార్డులు పరిచే ముందు

అందరికీ నమస్కారం. మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని వేళకు వచ్చినందుకు సంతోషం. ఎనిమిది మంది ఉన్నాం, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు.

ఈ టారో పేకలో 78 కార్డులు. 22 పెద్దవి, మిగతా 56 నాలుగు జట్లు. 15వ శతాబ్దపు ఇటలీలో ఇది ఆట పేకే. జోస్యానికి వాడుక 18వ శతాబ్దంలో ప్రబలింది. మన జాతకంలా పుట్టిన వేళ, నక్షత్రం ఏమీ అక్కర్లేదు. మీరు కలిపి, ఎడమ చేత్తో మూడు తీస్తారు: ఇప్పటి పరిస్థితి, అడ్డుపడుతున్నది, మీ చేతిలో ఉన్నది.

కార్డు తేదీ చెప్పదు. "పెళ్లెప్పుడు?" అంటే జవాబు రాదు. "ఈ సంబంధం విషయంలో నేను దేనికి వెనకాడుతున్నాను?" అని అడగండి, మాట్లాడుకోవడానికి బోలెడు దొరుకుతుంది. నచ్చలేదని అదే ప్రశ్నకు మళ్లీ తీయకండి. రెండోసారి వచ్చినవి మొదటివాటితో పొసగవు, అయోమయమే మిగులుతుంది.

13వ నంబరు, మరణం కార్డు, వస్తే భయపడొద్దు. ఏదో ఒకటి ముగిసి దారి మారుతోందని చదువుతాం. ఎవరి ప్రాణం గురించీ కాదు.

జబ్బుకు డాక్టరు, ఆస్తి తగాదాకు లాయరు. గర్భం, షేర్లు, ఇక్కడ లేని మనిషి మనసు, వీటికి నేను కార్డు తీయను. దోషాలు, శాంతులు, ఉంగరాలు అసలే ఉండవు. రీడింగు తర్వాత ఎవరైనా పరిహారానికి డబ్బడిగితే ఇవ్వకండి, అది నేనైనా సరే.

మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో చీటీ మీద రాసుకోండి. కిటికీ పక్కనున్న అమ్మా, మీతో మొదలుపెడదాం.