నెల దీపాలు: శ్రీకాకుళం నుంచి మన ఇంటి కార్తీకం

పిన్నీ, అన్నయ్యా, వదినా, పిల్లలూ! అమ్మ కుడిచెయ్యి వేసవి నుంచి సరిగా లేవడం లేదని మీకు తెలుసు. ఈ కార్తీకంలో దీపం నేను పెడతాను, అమ్మ పక్కన కూర్చుని చెబుతుంది. రోజూ సందెవేళ ఒక ఫొటో, కింద ఒక మాట పంపుతాను. దీపం ఎప్పుడూ ఫొటోకి ఎడమవైపు కింది మూలన ఉంటుంది, మిగతాదంతా చీకటి. పసుపు రంగు అక్షరాల్లో అంకె, తిథి, వారం.

🪔 1 · శుద్ధ పాడ్యమి · బుధవారం
ఫొటో: గడప, కొత్త మట్టి ప్రమిద
రాత్రంతా నీళ్లలో నానబెట్టిన ప్రమిద ఇది. నానబెట్టకపోతే నూనెంతా మట్టే తాగేస్తుంది. ముందు దాని దాహం తీర్చాలి.

🪔 2 · శుద్ధ విదియ · గురువారం
ఫొటో: వంటింటి గట్టు
భగినీహస్త భోజనం. యముడంతటివాడు చెల్లెలు యమున ఇంటికి వెళ్లి తిన్నాడట. అన్నయ్యా, నీకు సెలవు దొరకదని తెలుసు. నీ కోసం చేసిన గారెలు పక్కింటి తమ్ముడికి పెట్టాను.

🪔 3 · శుద్ధ తదియ · శుక్రవారం
ఫొటో: తులసికోట
గాలి. నాలుగుసార్లు వెలిగించాను.

🪔 4 · శుద్ధ చవితి · శనివారం
ఫొటో: చేను గట్టున పుట్ట
నాగుల చవితి. పాలు, చిమ్మిలి, చలిమిడి. తెలియక తొక్కితే నావాళ్లే అనుకోమని పామును బతిమాలుకుంటాం. కోతకొచ్చిన వరిలో కాలుపెట్టే మనిషికి ఇంతకంటే అవసరమైన ప్రార్థన ఏముంటుంది?

🪔 5 · శుద్ధ పంచమి · ఆదివారం
ఫొటో: అరచేతిలో దూది, వెనక దీపం
పొందూరులో నూలు వడికే ఇంటికి వెళ్లి దూది తెచ్చుకున్నాను. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి చెత్తంతా పోయి, దూది మబ్బులా విడుతుంది. ఆ మబ్బులోంచి తీసిన నూలే సన్న ఖద్దరు. పట్టుకుంటే బరువు తెలియడం లేదు. "గట్టిగా పేనకు, ఊపిరాడాలి దానికి" అంది అమ్మ. నిజమే, బిగించి పేనిన వత్తికి నూనె పైదాకా ఎక్కలేదు.

🪔 6 · శుద్ధ షష్ఠి · సోమవారం
ఫొటో: రావివలస, జనం కాళ్ల మధ్య ప్రమిద
ఎండల మల్లన్నకి పైకప్పు ఉండదు. ఎండకీ వానకీ ఆయన మనలాగే. గొడుగు తీసుకెళ్లిన నేను మడిచి సంచిలో పెట్టేశాను.

🪔 7 · శుద్ధ సప్తమి · మంగళవారం
ఫొటో: అరసవల్లి, కోనేటి మెట్టు
మార్చిలో, అక్టోబర్‌లో కొద్దిరోజులు తొలికిరణం ఇక్కడ స్వామి పాదాలను తాకుతుంది. సూర్యుడికి దీపం ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "పగలు ఆయన చూసుకుంటాడు, సందె నుంచి మన వంతు" అంది అమ్మ. ఈ రోజు మళ్లీ అడిగితే అదే మాట చెప్పింది.

🪔 8 · శుద్ధ అష్టమి · బుధవారం
ఫొటో: గూట్లో దీపం
దీపం పెట్టాక ఊడవకూడదంటారు. వెలుతురు చాలని ఇళ్లలో ముక్కుపుడక శీల జారినా చెత్తతో పోయేది. ఆ జాగ్రత్తే ఆచారమైందని నాకు అనిపిస్తుంది.

🪔 9 · శుద్ధ నవమి · గురువారం
ఫొటో: పొగ, నల్లబడిన వత్తి
"ఆరిపోయింది" అన్నాను. అమ్మకు కోపం వచ్చింది. "కొండెక్కింది అనాలి." మన భాషలో దీపం చావదు, ఎక్కడికో పైకి వెళుతుంది. వెళ్లినది వస్తుంది. ఆ మాట అన్న అమ్మమ్మలందరికీ దండం.

🪔 10 · శుద్ధ దశమి · శుక్రవారం
ఫొటో: పుల్లతో వత్తి ఎగదోస్తున్న వేళ్లు
వెలిగించడం నిమిషం పని. గంటకోసారి వచ్చి వత్తి ఎగదోయడమే దీపం పెట్టడం. ఇన్నేళ్లూ అమ్మ వంటింట్లోంచి ఎందుకు లేచి లేచి వచ్చేదో పది రోజులకు అర్థమైంది.

🪔 11 · శుద్ధ ఏకాదశి · శనివారం
ఫొటో: అమ్మ మంచం పక్కన దీపం
నాలుగు నెలల నిద్ర నుంచి విష్ణువు లేచే రోజు. అమ్మ కుడి బొటనవేలు ఈ పొద్దున కొద్దిగా కదిలింది. నేను చూశాను.

🪔 12 · శుద్ధ ద్వాదశి · ఆదివారం
ఫొటో: తులసికోటలో ఉసిరికొమ్మ, ఉసిరికాయ దీపం
క్షీరాబ్ది ద్వాదశి. తులసికీ ఉసిరికొమ్మకీ పెళ్లి. ఉసిరికాయ పైభాగం కోసి, గుల్ల చేసి, నెయ్యి వత్తి పెట్టాను. పండుగకి కాయే ప్రమిద అయింది. వేడికి పులుపు వాసన వచ్చింది, ఆ వాసన ఫొటోలో పంపలేను.

🪔 13 · శుద్ధ త్రయోదశి · సోమవారం
ఫొటో: శ్రీముఖలింగం, వంశధార ఇసుక
రాతిలింగంలో ముఖం కనిపించే చోటు. ఒకప్పుడు కళింగ గాంగుల రాజధాని ఇక్కడే ఉండేది. కోటలు లేవు, దీపం పెట్టే ఆడవాళ్ల వరస మాత్రం తెగలేదు. నా ముందు నిలబడ్డావిడ తన నూనెలో సగం నా ప్రమిదలో పోసింది. పేరు అడగడం మరిచిపోయాను.

🪔 14 · శుద్ధ చతుర్దశి · మంగళవారం
ఫొటో: పళ్లెంలో వత్తులు
మూడువందల అరవై అయిదు. అమ్మ లెక్కపెడుతుంటే మధ్యలో ఫోన్ మోగింది. మళ్లీ ఒకటి నుంచి.

🪔 15 · పౌర్ణమి · బుధవారం
ఫొటో: నాగావళి రేవు, వత్తుల గుత్తి మంట
ఏడాదిలో దీపం పెట్టని రోజులకి బదులుగా ఈ 365 వత్తులు. ఆసుపత్రి చుట్టూ తిరిగిన ఆ రోజులు నాకు ఒక్కొక్కటీ గుర్తే. మంట జానెడెత్తు లేచింది. చంద్రుడు కృత్తిక దగ్గరకి వచ్చే పున్నమి కాబట్టే ఇది కార్తీకం. ఈ రాత్రి ఆకాశంలో ఆ చిన్న చుక్కల గుంపు పున్నమి వెలుగులో దాదాపు కనిపించదు. ఉందని తెలిసి చూస్తే కళ్లకు అందుతుంది. కోటేశ్వరుడి గుడి దగ్గర జ్వాలాతోరణం కింద నుంచి జనం నడుస్తుంటే, మా గల్లీ కుర్రాళ్లు ఇద్దరు కుర్చీతో సహా అమ్మను ఎత్తుకుని దాటించారు. అమ్మ రెండు చేతులూ జోడించడానికి చూసింది. ఒక చెయ్యి పైకి లేచింది, రెండోదాన్ని నేను పట్టుకున్నాను.

🪔 16 · బహుళ పాడ్యమి · గురువారం
ఫొటో: రేవు మెట్టు, నూనె మరక
పొద్దున్నే బక్కెట్టు, బూడిద పట్టుకెళ్లి మెట్లు కడిగాం. పొర్లిన నూనె మీద ముసలివాళ్లు జారతారు.

🪔 17 · బహుళ విదియ · శుక్రవారం
ఫొటో: బుడితి ఇత్తడి కుంది
అమ్మ పెళ్లికి తాతయ్య బుడితి నుంచి తెచ్చాడు. చింతపండుతో తోమితే ఎర్రటి పసుపు మెరిసింది. అడుగున సుత్తి దెబ్బల గుంటలు చేతికి తగిలాయి. ఎవరో కంచరి ఎండలో కూర్చుని కొట్టిన దెబ్బలు.

🪔 18 · బహుళ తదియ · శనివారం
ఫొటో: దీపం చుట్టూ పచ్చదోమలు
పురుగులు ఇలా దీపానికి వస్తాయనే రైతులు పొలంలో దీపపు ఎర పెడతారు. మందు కొట్టే ముందు ఎన్ని పడ్డాయో చూస్తారు. దీపం కబురు కూడా చెబుతుంది.

🪔 19 · బహుళ చవితి · ఆదివారం
ఫొటో: ఉసిరిచెట్టు మొదలు
వనభోజనం. కంద, పులిహోర, పనసపొట్టు. ఒక్క వాన కూడా పడలేదు!

🪔 20 · బహుళ పంచమి · సోమవారం
ఫొటో: ధ్వజస్తంభం మీద ఆకాశదీపం
దారిన పోయేవాళ్ల కోసం పైకి ఎత్తిన దీపం. మన ఇంటి మేడ నుంచి చిన్న చుక్కలా కనిపిస్తుంది.

🪔 21 · బహుళ షష్ఠి · మంగళవారం
ఫొటో: గాజుసీసాలో ఇప్పనూనె
సీతంపేట సంతలో ఒక సవర ముసలమ్మ దగ్గర కొన్నాను. ఇప్పగింజలు ఏరిన చేతులు, ఆడించిన చేతులు, కొండ దింపిన కాళ్లు. చల్లటి పూట పేరుకుంటుంది, వెచ్చబెడితే నిదానంగా కాలుతుంది.

🪔 22 · బహుళ సప్తమి · బుధవారం
ఫొటో: కరెంటు లేని గది
రెండు గంటలు కరెంటు లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లెన్నో పడుకున్నాయి, వారాలపాటు చీకటి. ఆ రాత్రుల్లో పిన్ని ఇంట్లో ఒక్క దీపం చుట్టూ నాలుగు ఇళ్లవాళ్లు వండుకుని తిన్నారు. పిన్నీ, ఆ సంగతి పిల్లలకు నువ్వే చెప్పు.

🪔 23 · బహుళ అష్టమి · గురువారం
ఫొటో: కళింగపట్నం తీరం, దూరంగా లైట్‌హౌస్
పడవ మీద ఉన్నవాడికి తీరం వెలుగు అంటే ఇల్లు.

🪔 24 · బహుళ నవమి · శుక్రవారం
ఫొటో: గడప, పాత ప్రమిద
పనిలో టెన్షన్, ఇంటికి ఆలస్యం. ఏడున్నరకి వెలిగించాను. పెట్టాక తలనొప్పి తగ్గిందని చెప్పను, పక్కన కూర్చున్నాను, అంతే.

🪔 25 · బహుళ దశమి · శనివారం
ఫొటో: శ్రీకూర్మం, రాతి మండపం
స్వామి పడమరకి తిరిగి ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఎటు నుంచి వచ్చినవాడికైనా ఒక గుర్తు దొరుకుతుంది.

🪔 26 · బహుళ ఏకాదశి · ఆదివారం
ఫొటో: చీకటి, చిన్న వెలుగు
నూనె కొంచెమే పోశాను. ఉన్నంతసేపు ఉంది.

🪔 27 · బహుళ ద్వాదశి · సోమవారం
ఫొటో: శివాలయం మెట్లు
ఆఖరి సోమవారం. మెట్ల మీద చోటు లేదు. ముందు వచ్చినవాళ్లు తమ ప్రమిదలు కాస్త కాస్త జరిపారు.

🪔 28 · బహుళ త్రయోదశి · మంగళవారం
ఫొటో: వంకర వత్తి
ఈ వత్తి అమ్మ పేనింది. ఎడమచేత్తో, మోకాలి మీద, అరగంట పట్టింది. మొదలు లావు, చివర సన్నం. సరిచేయనా అని అడగబోయి మానేశాను. బాగా వెలిగింది.

🪔 29 · బహుళ చతుర్దశి · బుధవారం
ఫొటో: మారేడు దళం
మాసశివరాత్రి. అమ్మ ఇంకో వత్తి పేనింది.

🪔 30 · అమావాస్య · గురువారం
ఫొటో: అరటిదొప్పలు
రేపటికి దొప్పలు కోశాం. ఒక్కొక్కదాంట్లో రెండు వత్తులు. అన్నయ్యకి, పిన్నికి, పిల్లలకి, పేరుపేరునా ఒకటి.

🪔 పోలి పాడ్యమి · శుక్రవారం
ఫొటో: నాగావళి, తెల్లవారకముందు
పోలి చిన్న కోడలు. అత్త తనను ఇంట్లో వదిలేసి, పెద్ద కోడళ్లను వెంటబెట్టుకుని ఏటికి వెళ్లింది. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరి, కవ్వానికి అంటుకున్న వెన్న తీసి, దీపం పెట్టి బుట్ట మూసింది. విమానం ఆమె కోసమే వచ్చింది. చలికి అమ్మ ఏటికి రాలేకపోయింది, అందుకే ఇంట్లో కూడా ఒక దీపం పెట్టి వచ్చాను, బుట్ట మాత్రం మూయలేదు.

నీళ్లు తక్కువ. అన్నయ్యా, నీ దొప్ప ఇసుక మేట దగ్గర ఆగిపోయింది. ఎవరి పిల్లాడో మోకాలి లోతు నీళ్లలోకి దిగి, కర్రతో మెల్లగా లోపలికి తోశాడు. వంతెన కింద వరకు కనిపించింది.