శాస్త్రీయ నిబంధనమా, కార్యసాధక నిబంధనమా: సన్నివేశ ప్రశ్నలు, జవాబుల వివరణ

మొత్తం 25 మార్కులు. సమయం 40 నిమిషాలు.

ముందు పేపర్ మొత్తం రాసేయండి, ఆ తర్వాతే వివరణ చదవండి. జవాబు పక్కన పెట్టుకుని చదివితే ప్రతి ప్రశ్నా తేలిగ్గానే ఉంటుంది. తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక రుణాత్మక పునర్బలనం దగ్గర పెన్ను ఆగిపోతుంది. ప్రతి సన్నివేశంలోనూ ఎవరి ప్రవర్తన గురించి అడిగారో వెతికి, ఆ మాట కింద గీత గీయండి. ఆ ప్రవర్తన చివరికి పెరిగిందో తగ్గిందో చెప్పే మాట కింద ఇంకో గీత గీయండి. ఆప్షన్లు ఆ తర్వాతే చూడండి.

ప్రశ్నలు

1. టీకా వేసే ముందు ప్రతిసారీ నర్సు స్పిరిట్ అద్దిన దూదితో పాప చేయి తుడుస్తుంది. ఆ వెంటనే సూది గుచ్చుతుంది, పాప ఏడుస్తుంది. మూడు నాలుగు టీకాలయ్యాక, సూది ఇంకా బయటికి తీయకముందే, స్పిరిట్ వాసన తగలగానే పాప ఏడుపు మొదలుపెడుతోంది.
అ) నిర్నిబంధిత ఉద్దీపన, నిర్నిబంధిత ప్రతిస్పందన, నిబంధిత ఉద్దీపన, నిబంధిత ప్రతిస్పందన ఏవో గుర్తించండి. (4 మార్కులు)
ఆ) ఇంట్లో నాన్న చేతులకు శానిటైజర్ రాసుకున్నా పాప ఏడ్చింది. దీన్ని ఏమంటారు? (1 మార్కు)

2. కింది రెండింటిలో ఏది ఏ నిబంధనం? (2 మార్కులు)
అ) యజమాని గొలుసు చేతిలోకి తీసుకున్న చప్పుడు వినగానే కుక్క ఒళ్లంతా ఉద్రేకంతో వణుకుతుంది, గుండె వేగం పెరుగుతుంది.
ఆ) అదే కుక్క గొలుసును నోట కరుచుకుని యజమాని కాళ్ల దగ్గర పడేస్తుంది. అలా చేసినప్పుడల్లా బయటికి తీసుకెళ్తున్నారు, అందుకే రోజూ తెచ్చి పడేస్తోంది.

3. పునర్బలనమో శిక్షో, ధనాత్మకమో రుణాత్మకమో రాయండి. (4 మార్కులు)
అ) మాత్ర వేసుకుంటే తలనొప్పి తగ్గింది. అప్పటి నుంచి తల నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె అదే మాత్ర వేసుకుంటోంది.
ఆ) అతివేగానికి జరిమానా కట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత అతను వేగం తగ్గించాడు.
ఇ) వేడి పెనం ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. పిల్లవాడు మళ్లీ పెనం జోలికి పోలేదు.
ఈ) వారమంతా హోంవర్క్ సమయానికి ఇచ్చినవాళ్లకు శనివారం స్లిప్ టెస్ట్ రాయనక్కర్లేదని టీచర్ చెప్పారు. హోంవర్క్ ఇచ్చేవాళ్లు పెరిగారు.

4. కారు స్టార్ట్ చేయగానే బీప్ శబ్దం మొదలై, సీటు బెల్టు పెట్టుకునేదాకా ఆగదు. మొదట్లో శబ్దం భరించలేక బెల్టు పెట్టుకున్న వ్యక్తి, ఇప్పుడు స్టార్ట్ చేయకముందే పెట్టుకుంటున్నాడు. ఇది ఏ రకం? మొదటి దశకూ రెండో దశకూ తేడా ఏమిటి? (2 మార్కులు)

5. క్లాసులో ఒక విద్యార్థి పాఠం మధ్యలో అడ్డొచ్చి మాట్లాడినప్పుడల్లా టీచర్ పాఠం ఆపి అందరి ముందూ మందలిస్తున్నారు. నెల గడిచేసరికి అతను అడ్డొచ్చి మాట్లాడటం బాగా పెరిగింది. మందలింపు ఇక్కడ ఎలా పనిచేసింది? (2 మార్కులు)
అ) ధనాత్మక శిక్ష  ఆ) రుణాత్మక శిక్ష  ఇ) ధనాత్మక పునర్బలనం  ఈ) విరమణ

6. సూపర్‌మార్కెట్‌లో పిల్లవాడు చాక్లెట్ కోసం నేల మీద పడి ఏడ్చాడు. తండ్రి చాక్లెట్ కొనిచ్చాడు, ఏడుపు ఆగిపోయింది. ఇప్పుడు వెళ్లిన ప్రతిసారీ పిల్లవాడు ఏడుస్తున్నాడు, తండ్రి ఇంకా తొందరగా కొనిచ్చేస్తున్నాడు. (4 మార్కులు)
అ) పిల్లవాడి ఏడుపు పెరగడానికి కారణం ఏ రకం?
ఆ) తండ్రి కొనివ్వడం పెరగడానికి కారణం ఏ రకం?
ఇ) తండ్రి ఇక ఎంత ఏడ్చినా కొనివ్వలేదు. కొన్ని వారాలకు ఏడుపు ఆగిపోయింది. ఈ ప్రక్రియ ఏది?
ఈ) కొనివ్వడం ఆపిన కొత్తలో ఏడుపు మునుపటికన్నా ఎక్కువైంది. ఎందుకు?

7. దంత వైద్యుడి దగ్గర డ్రిల్లింగ్ సమయంలో బాగా నొప్పి పుట్టిన ఒకామెకు, ఇప్పుడు ఆ మెషీన్ శబ్దం వింటేనే గుండె దడ. అపాయింట్‌మెంట్ దగ్గరపడే కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఫోన్ చేసి క్యాన్సిల్ చేయగానే మనసు తేలికపడుతుంది. ఇప్పటికి చాలాసార్లు క్యాన్సిల్ చేసింది. ఇందులో ఉన్న రెండు నిబంధనాలను విడదీసి రాయండి. (4 మార్కులు)

8. ఒకతను కొత్త వంటకం తిన్న కొన్ని గంటలకు వైరల్ జ్వరంతో వాంతులు చేసుకున్నాడు. వంటకానికీ జబ్బుకూ సంబంధం లేదని అతనికి తెలుసు. అయినా ఇప్పుడు దాని వాసనకే కడుపులో తిప్పుతుంది. ఈ వికారం ఏ నిబంధనం? (1 మార్కు)

9. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని పది నిమిషాలు బయట నిలబెట్టారు. స్కిన్నర్ నిర్వచనం ప్రకారం ఇది శిక్షేనా? (1 మార్కు)

జవాబులు, వివరణ

1. సూది నొప్పి నిర్నిబంధిత ఉద్దీపన. నొప్పికి వచ్చిన ఏడుపు నిర్నిబంధిత ప్రతిస్పందన. స్పిరిట్ వాసన మొదట తటస్థ ఉద్దీపన, ఇప్పుడు నిబంధిత ఉద్దీపన. వాసనకు వచ్చిన ఏడుపు నిబంధిత ప్రతిస్పందన. రెండు చోట్లా ఉన్నది ఏడుపే కదా, పేర్లు ఎందుకు వేరని చాలామంది తికమకపడతారు. ప్రతిస్పందనకు పేరు పెట్టేది అది దేనికి వచ్చిందన్న దాన్నిబట్టి. కాబట్టి ఉత్త ‘ఏడుపు’ అని రాసి వదిలేయకండి. ‘నొప్పికి ఏడుపు’, ‘వాసనకు ఏడుపు’ అని రాస్తే మార్కు ఎక్కడికీ పోదు.
ఆ) సామాన్యీకరణం. శానిటైజర్ వాసన స్పిరిట్ వాసనను పోలి ఉంటుంది. సూది లేకుండా ఆ వాసన రోజూ తగులుతూ ఉంటే ఏడుపు క్రమంగా తగ్గి విరమణ జరుగుతుంది.

2. అ) శాస్త్రీయం. ఆ) కార్యసాధకం. కుక్క అదే, గొలుసు అదే, జవాబులు మాత్రం వేరు. వణుకు, గుండె వేగం దాని చేతుల్లో లేనివి. గొలుసు చప్పుడు ముందు వస్తుంది, ప్రతిస్పందన దాని వెనక వస్తుంది. పావ్‌లోవ్ కుక్కల్లో లాలాజలం ఊరినట్టే ఇదీ. రెండోదాంట్లో కుక్క తనంతట తాను ఒక పని చేస్తోంది, దాని ఫలితం ఆ పనిని నిలబెడుతోంది. థార్న్‌డైక్ 1898లో పజిల్ పెట్టెలో పిల్లుల మీద చేసిన ప్రయోగాల నుంచి తేల్చిన ఫలిత నియమం ఇదే, స్కిన్నర్ దీని మీదే తన సిద్ధాంతం కట్టాడు. ‘కుక్క’ అన్న మాట కనబడగానే పావ్‌లోవ్ అని, ‘ఎలుక’ అనగానే స్కిన్నర్ అని టిక్ పెట్టే అలవాటుంటే ఇక్కడే మానుకోండి. పేపర్ తయారుచేసేవాళ్లకు ఆ అలవాటు సంగతి బాగా తెలుసు.

3. అ) రుణాత్మక పునర్బలనం. బాధ తొలగింది, మాత్ర వేసుకోవడం పెరిగింది.
ఆ) రుణాత్మక శిక్ష. జరిమానా ‘వేశారు’ కాబట్టి ధనాత్మకం అని రాస్తారు. అతని దగ్గరున్న డబ్బు పోయింది, అంటే తీసేశారు. వేగం తగ్గింది కాబట్టి శిక్ష.
ఇ) ధనాత్మక శిక్ష. నొప్పి చేరింది, ప్రవర్తన ఆగింది.
ఈ) రుణాత్మక పునర్బలనం. ఇది బహుమతిలా కనబడుతుంది కాబట్టి ఎక్కువమంది ధనాత్మకం అంటారు. కానీ పిల్లలకు కొత్తగా చేరిందేమీ లేదు, ఇష్టంలేని టెస్టు తొలగిపోయింది. ధన, రుణ అన్నవి ఇక్కడ లెక్కల్లో కూడిక, తీసివేత లాంటివి మాత్రమే. మంచిచెడ్డలతో వాటికి పని లేదు.

4. రుణాత్మక పునర్బలనం. బీప్ ఆగిపోవడం వల్ల బెల్టు పెట్టుకోవడం పెరిగింది. మొదటి దశలో బీప్ మొదలయ్యాక దాన్నుంచి తప్పించుకున్నాడు, ఇది పలాయన అభ్యసనం. రెండో దశలో బీప్ రాకుండానే చూసుకుంటున్నాడు, ఇది పరిహార అభ్యసనం. ‘బీప్ చిరాకు పెట్టింది కాబట్టి శిక్ష’ అని రాసినవాళ్లు, బెల్టు పెట్టుకోవడం పెరిగిందా తగ్గిందా అని ఒక్కసారి చూసుకోండి. పెరిగినచోట శిక్ష అన్న మాటకు తావు లేదు.

5. ఇ) ధనాత్మక పునర్బలనం. టీచర్ ఉద్దేశం శిక్షించడమే, అందులో సందేహం లేదు. కానీ మన నిర్వచనంలో ఉద్దేశానికి చోటు లేదు. మందలింపుతో పాటు క్లాసు మొత్తం తన వైపు చూడటం ఆ విద్యార్థికి దక్కింది, ప్రవర్తన పెరిగింది. రేపు టీచర్లు కాబోయేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఇంకాసేపు ఆగాలి. అరిచేకొద్దీ అల్లరి పెరుగుతుంటే, పిల్లవాణ్ని తిట్టుకునే ముందు ఆ అరుపు వాడికి ఏమిస్తోందో చూడాలి.

6. ఈ పేపర్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. సంఘటన ఒకటే అయినా ఇందులో నేర్చుకుంటున్నవాళ్లు ఇద్దరు.
అ) పిల్లవాడికి చాక్లెట్ చేరింది, ఏడుపు పెరిగింది: ధనాత్మక పునర్బలనం.
ఆ) తండ్రికి ఏడుపు అనే ఇబ్బంది తొలగింది, కొనివ్వడం పెరిగింది: రుణాత్మక పునర్బలనం. అంటే తండ్రి కొడుక్కి ఏడవడం నేర్పుతుంటే, కొడుకు తండ్రికి లొంగిపోవడం నేర్పుతున్నాడు. ఇద్దరికీ ఆ క్షణంలో లాభమే, అందుకే ఈ వలయం అంత గట్టిగా నిలబడిపోతుంది. ఎవరి ప్రవర్తనో చూడకుండా రాస్తే రెండు జవాబులూ తారుమారవుతాయి.
ఇ) విరమణ. రుణాత్మక శిక్ష కాదు. పిల్లవాడి దగ్గర ఉన్నదాన్ని ఏదీ లాక్కోలేదు, ఏడుపుకి ఇంతకాలం దక్కిన ఫలితం రావడం మాత్రమే ఆగింది. అదే ఏడ్చినందుకు చేతిలోని బొమ్మ తీసేసుకుని, దానివల్ల ఏడుపు తగ్గి ఉంటే, అప్పుడు రుణాత్మక శిక్ష అయ్యేది.
ఈ) పునర్బలనం ఆగిన కొత్తలో ప్రవర్తన తాత్కాలికంగా ఎగసిపడటం మామూలే. సరిగ్గా ఆ సమయంలో తండ్రి లొంగిపోతే, ‘ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుంది’ అన్న పాఠం పిల్లవాడికి అందుతుంది. పైగా అప్పుడప్పుడూ మాత్రమే పునర్బలనం దొరికిన ప్రవర్తన, ప్రతిసారీ దొరికినదానికన్నా విరమణకు ఎక్కువగా ఎదురు నిలుస్తుంది.

7. భయం పుట్టడం శాస్త్రీయం: డ్రిల్లింగ్ నొప్పి నిర్నిబంధిత ఉద్దీపన, మెషీన్ శబ్దం నిబంధిత ఉద్దీపన, శబ్దానికి గుండె దడ నిబంధిత ప్రతిస్పందన. భయం పోకుండా నిలిచి ఉండటం కార్యసాధకం: క్యాన్సిల్ చేస్తే టెన్షన్ తొలగుతుంది, క్యాన్సిల్ చేయడం పెరుగుతుంది, కాబట్టి రుణాత్మక పునర్బలనం. ఈ రెండంచెల వివరణను 1947లో మౌరర్ ప్రతిపాదించాడు. క్యాన్సిల్ చేసిన ప్రతిసారీ, నొప్పి లేకుండా ఆ శబ్దం వినే అవకాశం ఆమెకు తప్పిపోతోంది, అందువల్ల విరమణ మొదలే కావడం లేదు. ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లకు నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

8. శాస్త్రీయ నిబంధనం, దీన్ని రుచి విముఖత అంటారు. వికారం అతని ఇష్టంతో వచ్చేది కాదు. ఒక్కసారికే, గంటల తేడా ఉన్నా ఏర్పడటం దీని ప్రత్యేకత. ‘తిన్నాడు, జబ్బు చేసింది, కాబట్టి ధనాత్మక శిక్ష’ అని రాసినవాళ్ల ఆలోచనలో కొంత న్యాయం ఉంది. ‘ఆ వంటకం తినడం మానేశాడు’ అని మాత్రమే అడిగి ఉంటే అలా వాదించే వీలుంది. ఇక్కడ అడిగింది వాసనకు కలిగే వికారం గురించి.

9. చెప్పలేం. ఆ తర్వాత ఆలస్యంగా రావడం తగ్గిందో లేదో ప్రశ్నలో లేదు. మొదటి పీరియడ్ టెస్ట్ తప్పినందుకు అతను సంతోషపడితే ఆలస్యం పెరగనూ వచ్చు. ‘అవును, శిక్షే’ అని ఒక్క మాటలో రాస్తే మార్కు లేదు. ‘ఆలస్యం తగ్గితేనే శిక్ష’ అని షరతు పెట్టి రాసినవాళ్లకు మార్కు ఉంది.