పాతిక చాలు

పన్నెండు కావస్తోంది. పద్మజ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. రెండో సంవత్సరం ఈసీఈ, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, 63 మంది. ఎక్స్‌టర్నల్ మార్కులు సాయంత్రమే వచ్చాయి. వాటిని ఇంటర్నల్స్ పక్కన చేర్చి, మొత్తం వేసి, పొద్దున పదింటికల్లా ఎగ్జామ్ సెల్‌కి ఇవ్వాలి. నిజానికి అరగంట పని.

చివరిసారి పైనుంచి కిందికి చూస్తుంటే 17వ వరుస దగ్గర వేలు ఆగింది. ఆ అబ్బాయి క్లాసులో ఫస్ట్. మొదటి మిడ్‌లో 26. అక్క పెళ్లని రెండో మిడ్‌కి రానేలేదు. ఆబ్సెంట్ అంటే సున్నా. అయినా ఇంటర్నల్ గడిలో 26 అనే ఉంది.

రూల్ వాళ్ల కాలేజీలో గోడకి అంటించినట్టు అందరికీ తెలిసిందే: రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి ఎనభై శాతం, తక్కువ వచ్చినదానికి ఇరవై శాతం. ఆ లెక్కన వాడికి 20.8, అంటే 21 రావాలి. గడి మీద క్లిక్ చేసింది.

```
=ROUND(0.8*MAX(D17,E17)+0.2*MAX(D17,E17),0)
```

రెండోచోట MIN ఉండాలి. మొదటి ముక్క కాపీ చేసి అతికించి, 0.8ని 0.2 చేసి, MAXని అలాగే వదిలేసింది. ఎవరో కాదు, తనే. ఈ సెమిస్టర్‌కి కొత్త షీట్ చేస్తానని ముందుకొచ్చిందీ తనే.

నెల కిందట ఇవే ఇంటర్నల్స్ నోటీసు బోర్డులో పెట్టారు. 63 మందీ సంతకాలు పెట్టారు. ఒక్క మార్కు తగ్గితే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర క్యూ కట్టే పిల్లలు. పెరిగితే ఎవరొస్తారు?

MIN అని మార్చి, కిందిదాకా లాగింది. అంకెలన్నీ ఒక్కసారి కదిలాయి. దాదాపు అందరికీ ఒకటో రెండో తగ్గాయి, కొందరికి గ్రేడు ఒక మెట్టు దిగింది. పాస్, ఫెయిల్ వరుసలో మాత్రం ఒకే ఒక్క గడి ఎర్రబడింది. రోల్ నంబర్ 42, సాయికిరణ్.

మొదటి మిడ్ 15, రెండో మిడ్ 4. పాత లెక్కలో 15. ఇప్పుడు 12.8, అంటే 13. ఎక్స్‌టర్నల్ 25. మొత్తం 38. పాసవ్వాలంటే 40.

వెంటనే గుర్తొచ్చింది. బోర్డులో మార్కులు పెట్టిన రోజు కారిడార్‌లో ఎదురొచ్చాడు. "మేడమ్, పదిహేనే వచ్చాయి. ఇంకెంత తెచ్చుకుంటే గట్టెక్కుతాను?" తను పరధ్యానంగా, చేతిలో రికార్డులు మోసుకుంటూ, "పాతిక చాల్రా, నలభై అయిపోతుంది" అంది. వాడు సరిగ్గా పాతికే తెచ్చుకున్నాడు.

మంచం కింద నుంచి రెండో మిడ్ పేపర్ల కట్ట లాగింది. దాని వల్ల ఏమీ కాదని తెలుసు. ఆ నాలుగు కాస్తా పన్నెండున్నర అయితే తప్ప ఇంటర్నల్ పదిహేను కాదు. అయినా వాడి పేపర్ తీసి, ట్యూబులైటు కిందకి పట్టుకెళ్లి మళ్లీ దిద్దింది. కాన్వల్యూషన్ లెక్క. రెండో సిగ్నల్‌ని తిప్పడం వరకు స్కేలు పెట్టి చక్కగా గీశాడు. జరపడం మర్చిపోయాడు. ఆ కింద పేజీ అంతా కొట్టివేతలే. ఒకటి, రెండు, ఒకటి. నాలుగే.

"ఇంకా పడుకోలేదా?" లోపలి నుంచి భర్త గొంతు.

"ఒక్కడు ఫెయిలయ్యాడండి."

"పొద్దున చూసుకోవచ్చుగా."

పాత షీట్ ఇంకో కిటికీలో తెరిచే ఉంది. దాన్నే ప్రింట్ తీసి ఇచ్చేస్తే అడిగేవాళ్లు లేరు. సంతకాలు కూడా దాని మీదే ఉన్నాయి. కొత్తది ఇస్తే 63 మందినీ పిలిచి మళ్లీ సంతకాలు పెట్టించాలి, ఎగ్జామ్ సెల్‌లో చీవాట్లు తినాలి. పద్మజ పాత కిటికీ వైపు చాలాసేపు చూసింది. మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ చూసింది. తర్వాత దాన్ని మూసేసింది.

ఫోన్ తీసి హెచ్‌ఓడీకి మెసేజ్ పెట్టడం మొదలుపెట్టింది.

"సార్, ఇంటర్నల్స్ షీట్‌లో ఫార్ములా తప్పు పడింది. చేసింది నేనే. సరిచేస్తే 42 ఫెయిల్ అవుతున్నాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి కలుస్తాను."

పంపబోతూ ఆగి, ఇంకో వాక్యం చేర్చింది. "పరీక్షకి ముందు వాడికి పాతిక చాలని చెప్పింది కూడా నేనే సార్."