మామయ్య గారి డిశ్చార్జి సమ్మరీ: రోగ నిర్ధారణ, మందులు, తదుపరి సలహా, కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా

అత్తయ్యకూ, బావకూ నమస్కారాలు.

నిన్న రాత్రి మీరు పంపిన ఫోటోలోని విషయాన్ని, ఇంట్లో ఎవరు మందులు ఇచ్చినా చూసుకోవడానికి వీలుగా మూడు శీర్షికల కింద విడదీసి రాశాను. ఆసుపత్రి వారు ఇంగ్లీషు ప్రతితో పాటు ఇచ్చిన తెలుగు ప్రతి ఇది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ప్రతి మాటా, ప్రతి అంకే ఆ కాగితంలోనివే. అచ్చుతప్పు కనిపించిన చోట కూడా దిద్దలేదు. ఫోటోలో చదవడానికి వీలుకాని చోటును చదరపు కుండలీకరణాలలో చెప్పాను. కొటేషన్ గుర్తుల బయట ఉన్నవి నా మాటలు, వాటిని వైద్యుని ఆదేశంగా తీసుకోవద్దు. మందుల దుకాణంలో పనిచేసే నాకు ఈ పేర్లన్నీ అలవాటే కాబట్టి, సగం కనిపించిన పేరును ఊహతో పూరించడం చాలా తేలిక, అందువల్లనే ఎక్కడా పూరించలేదు.

కుటుంబ గ్రూపులో కూడా పంపుతామన్నారు కనుక పేరు, ఐపీ నంబరు, చిరునామా, ఫోను నంబర్లు ఇందులో చేర్చలేదు.

రోగ నిర్ధారణ

"రోగి 61 సంవత్సరాల పురుషుడు. చేరిన తేదీ 11-11-2025. డిశ్చార్జి తేదీ 15-11-2025."

"ప్రధాన రోగ నిర్ధారణ: అక్యూట్ ఇన్ఫీరియర్ వాల్ ఎస్‌టీ ఎలివేషన్ మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్, అనగా గుండె కింది గోడ కండరానికి రక్తం అందక వచ్చిన గుండెపోటు."

"అనుబంధ వ్యాధులు: టైప్ 2 మధుమేహం, 9 సంవత్సరాలుగా. అధిక రక్తపోటు, 5 సంవత్సరాలుగా. పొగ తాగే అలవాటు ఉన్నది."

"రోగి 3 గంటలుగా ఛాతీ మధ్యలో నొప్పి, చెమటలు, వాంతితో అత్యవసర విభాగమునకు వచ్చినారు. ఈసీజీలో 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ ఎలివేషన్ కనిపించినది. కరోనరీ యాంజియోగ్రామ్‌లో కుడి కరోనరీ ధమని మధ్య భాగమున 100 శాతం, ఎడమ యాంటీరియర్ డిసెండింగ్ ధమనిలో 40 శాతం అడ్డంకి ఉన్నట్లు తేలినది. కుడి మణికట్టు రేడియల్ ధమని ద్వారా ప్రైమరీ యాంజియోప్లాస్టీ చేసి, కుడి కరోనరీ ధమనిలో 3.0 × 28 మి.మీ. మందు పూత గల స్టెంటు ఒకటి అమర్చడమైనది. ప్రక్రియ సమయంలో ఎట్టి ఇబ్బందులూ తలెత్తలేదు."

"2డి ఎకో: ఎజెక్షన్ ఫ్రాక్షన్ 48 శాతం. కింది గోడ కదలిక తగ్గినది. గుండె చుట్టూ నీరు లేదు."

"డిశ్చార్జి నాడు: బీపీ 124/78, నాడి నిమిషమునకు 72, క్రియాటినిన్ 1.1, హెచ్‌బీఏ1సీ 8.4 శాతం, ఎల్‌డీఎల్ 138."

రెండు రక్తనాళాలకూ స్టెంట్లు వేశారా అని బావ అడిగారు. కాగితంలో ఉన్నది "స్టెంటు ఒకటి" అనే మాట, అదీ కుడి ధమనిలో. 40 శాతం అడ్డంకి ఉన్న ఎడమ ధమనికి ఏం చేశారో, ఇకపై ఏం చేస్తారో కాగితంలో ఎక్కడా రాయలేదు.

మందులు

పట్టిక కింద ఆసుపత్రి వారే ఇచ్చిన వివరణ ఇది: "1-0-1 అనగా ఉదయం 1, మధ్యాహ్నం లేదు, రాత్రి 1." కింది అంకెలన్నింటినీ ఆ ప్రకారమే చదువుకోవాలి.

1. "ఆస్పిరిన్ 75 మి.గ్రా. 0-1-0. భోజనం తర్వాత. జీవితాంతం వాడవలెను."

2. "టికాగ్రెలార్ 90 మి.గ్రా. 1-0-1. 12 గంటల వ్యవధితో. 12 నెలలు. వైద్యుని అనుమతి లేకుండా ఒక్క పూట కూడా ఆపరాదు." ఈ చివరి వాక్యాన్ని కాగితంలో లావు అక్షరాలతో అచ్చు వేసి, దాని కింద పెన్నుతో గీత కూడా గీశారు. ఫోటోలో ఇంకే మాట కిందా అలాంటి గీత లేదు కాబట్టి ఆ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

3. "అటోర్వాస్టాటిన్ 80 మి.గ్రా. 0-0-1. రాత్రి భోజనం తర్వాత. కండరాల నొప్పి తీవ్రంగా ఉన్న, లేదా మూత్రం ముదురు రంగులో వచ్చిన వెంటనే తెలియజేయవలెను."

4. "మెటోప్రోలాల్ సక్సినేట్ ఈఆర్ 25 మి.గ్రా. 1-0-0. నమలరాదు, పొడి చేయరాదు."

5. "రామిప్రిల్ 2.5 మి.గ్రా. 0-0-1. పొడి దగ్గు వచ్చిన తెలియజేయవలెను. పెదవులు, ముఖము వాచిన వెంటనే అత్యవసర విభాగమునకు రావలెను."

6. "పాంటోప్రజోల్ 40 మి.గ్రా. 1-0-0. టిఫినుకు అరగంట ముందు."

7. "మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. 1-0-1. ఆహారం తర్వాత." ఈ మందుకు సంబంధించిన మరొక వాక్యం పట్టికలో కాక చికిత్స వివరాల పేరాలో ఉన్నందున దానిని ఇక్కడికి తెచ్చాను: "యాంజియోగ్రామ్ కొరకు ఇచ్చిన కాంట్రాస్టు కారణంగా నిలిపిన మెట్‌ఫార్మిన్, క్రియాటినిన్ సాధారణ స్థాయిలో ఉన్నందున 14-11-2025 నుండి తిరిగి ప్రారంభించడమైనది." కాబట్టి షుగరు మాత్ర ఆపారు కదా అన్న అత్తయ్య సందేహానికి జవాబు కాగితంలోనే ఉంది.

8. "ఐసోసార్బైడ్ డైనైట్రేట్ 5 మి.గ్రా. అవసరమైనప్పుడు మాత్రమే, నాలుక కింద." దీనికి 1-0-1 వంటి అంకెలేవీ లేవు. ఎప్పుడు, ఎలా వాడాలో తదుపరి సలహాలో రాశారు. రోజూ వేసే మాత్రల డబ్బాలో దీనిని కలపకుండా విడిగా, మామయ్య గారి చేతికి అందేచోట ఉంచండి.

9. పెన్నుతో రాసినది: "సిరప్ [పేరుపై ఫ్లాష్ వెలుగు పడినందున చదవడానికి వీలుకాలేదు] 10 మి.లీ. 0-0-1. 2 వారాలు." గుండెపోటు తర్వాత ముక్కవలసి రాకుండా విరేచనం సాఫీగా అయ్యే సిరప్ రాయడం మామూలే. ఇదీ అటువంటిదే కావచ్చునని నాకు అనిపించినా, పేరు తెలియకుండా నా ఊహ మీద ఆధారపడి ఏ సీసా కొనవద్దు, ఇంట్లో ఉన్నది పోయవద్దు.

మామయ్య గారు ఇంతకు ముందు రక్తపోటుకు వాడుతున్న ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. పేరు ఈ తొమ్మిదింటిలో లేదు. దానిని ఆపమని కాగితం చెప్పలేదు, కొనసాగించమనీ చెప్పలేదు. పాత మందులన్నీ ఆపవలెనన్న వాక్యం కూడా ఎక్కడా లేదు. ఇప్పుడు మెటోప్రోలాల్, రామిప్రిల్ రెండూ బీపీని తగ్గించేవే కాబట్టి, పాత మాత్ర వీటితో కలవాలా వద్దా అన్నది ఆసుపత్రి వైద్యుడే చెప్పాలి.

తదుపరి వైద్య సలహా

"22-11-2025, శనివారం ఉదయం 10 గంటలకు కార్డియాలజీ ఓపీకి ఈ సమ్మరీ, మందుల స్ట్రిప్పులతో సహా రావలెను. ఆనాడు ఈసీజీ, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయబడును."

"6 వారాల తర్వాత ఖాళీ కడుపుతో లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ. 3 నెలల తర్వాత 2డి ఎకో, హెచ్‌బీఏ1సీ."

"ప్రతిరోజూ ఉదయం మెటోప్రోలాల్ 50 మి.గ్రా. మాత్ర వేసుకొనుటకు ముందు బీపీ, నాడి చూసి పుస్తకంలో రాసుకోవలెను. నాడి 55 కంటే తక్కువ, లేదా పై బీపీ 100 కంటే తక్కువ ఉన్నచో మాత్ర వేసుకొనక ముందే ఫోను చేయవలెను."

ఇక్కడ దయచేసి ఆగి చదవండి. మందుల పట్టికలో 25 అని ఉన్న మెటోప్రోలాల్ ఈ వాక్యంలో 50 అయింది. ఫోటోను పెద్దది చేసి చూశాను. రెండు చోట్లా అంకెలు స్పష్టంగా అచ్చయి ఉన్నాయి, కాబట్టి ఇది మసకబారిన ఫోటో వల్ల వచ్చిన తేడా కాదు. పట్టికే సరైనదై ఉంటుందని అనుకొని ఒకదానిని తీసివేసే హక్కు నాకు లేదు గనుక రెండింటినీ అలాగే ఉంచాను.

"కుడి చేతితో 1 వారం వరకు బరువులు ఎత్తరాదు. మణికట్టు వద్ద వాపు పెరిగిన, రక్తం కారిన, చేయి చల్లబడిన వెంటనే రావలెను. మొదటి వారం ఇంటిలోనే రోజుకు రెండుసార్లు 5 నుండి 10 నిమిషాలు నడిచి, ఆయాసం లేనిచో క్రమంగా పెంచవలెను. భోజనం చేసిన వెంటనే నడవరాదు."

"ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించరాదు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, వేపుళ్ళు మానవలెను. పొగ తాగుట పూర్తిగా మానవలెను. ఇంటిలో ఇతరులు కూడా రోగి సమక్షంలో పొగ తాగరాదు."

"టికాగ్రేలర్ వాడునప్పుడు కొందరికి ఊపిరి అందనట్లు అనిపించును. అట్లు అనిపించిన మందు ఆపకుండా వెంటనే తెలియజేయవలెను. నల్లని విరేచనం, ఆగని రక్తస్రావం ఉన్నచో వెంటనే రావలెను. పన్ను తీయుటకు గాని, ఏ ఇతర శస్త్రచికిత్సకు గాని పై రెండు మందులు ఆపమని ఎవరు చెప్పిననూ, ముందుగా కార్డియాలజిస్టును సంప్రదించవలెను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడరాదు." "టికాగ్రేలర్" అని ఇక్కడ అచ్చయిన పేరు, పట్టికలోని "టికాగ్రెలార్" ఒకే మందు. "పై రెండు మందులు" అంటే ఏవో ఈ పేరాలో రాయలేదు. ఫోటోలో దీనికి సరిగ్గా పైన ఉన్న వాక్యం "ఆస్పిరిన్, టికాగ్రేలర్ కలిపి స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపాడును" అన్నది, కాబట్టి దానిని కూడా ఇక్కడ రాస్తున్నాను.

"ఛాతీ నొప్పి వచ్చినచో వెంటనే కూర్చొని, ఐసోసార్బైడ్ మాత్ర 1 నాలుక కింద ఉంచుకొనవలెను. నిలబడి వేసుకొనరాదు. 5 నిమిషాలలో తగ్గనిచో 108కి ఫోను చేయవలెను. సొంతంగా వాహనం నడుపుకొని రారాదు."

చివరి పంక్తి: "ఇన్‌ఫ్లుయెంజా టీకా [తర్వాతి మాటలు ఫోటో అంచు దాటిపోయాయి]."

ఆసుపత్రికి ఫోను చేసి అడగవలసినవి

మెటోప్రోలాల్ 25 మిల్లీగ్రాములా, 50 మిల్లీగ్రాములా అన్నది అన్నిటికన్నా ముందు తేలాలి, అది పొద్దున వేసే మాత్ర. ఆసుపత్రి ఫార్మసీ ఇచ్చిన స్ట్రిప్పును చేతిలో పట్టుకొని, దాని మీద అచ్చయిన అంకెను డ్యూటీ డాక్టరుకు చదివి వినిపించి, పట్టికలో ఒకటి, సలహాలో ఇంకొకటి ఉన్నాయని చెప్పి అడగండి. ఈ ప్రశ్నను శనివారం ఓపీ దాకా వాయిదా వేయవద్దు. అదే ఫోనులో పాత ఆమ్లోడిపిన్ సంగతి, సిరప్ పేరు, టీకా గురించి చివర ఏం రాశారన్నది కూడా అడిగి, జవాబిచ్చిన వారి పేరు, సమయం కాగితం వెనుక రాసి పెట్టుకోండి. ఎడమ ధమనిలోని 40 శాతం సంగతి 22వ తేదీన అడగవచ్చు.

కాగితాన్ని బల్ల మీద చదునుగా పరచి, ఫ్లాష్ వేయకుండా, పగటి వెలుతురులో నాలుగు మూలలూ కనిపించేలా ఇంకొక ఫోటో తీసి పంపండి. ఇంగ్లీషు ప్రతి ఫోటో కూడా పంపితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్న ప్రతి చోటునూ ఇదే పద్ధతిలో రాసి పంపుతాను. అప్పటివరకు ఈ ప్రతితో పాటు అసలు కాగితం కూడా మందుల డబ్బాలోనే ఉంచండి.