యముడి వెనకాలే నడిచిన సావిత్రి

సావిత్రి యముడి కాళ్ళ మీద పడి బతిమాలి మొగుణ్ణి తెచ్చుకుందనే చాలామంది అనుకుంటారు, నాకైతే అక్కడే బాధేస్తుంది, ఎందుకంటే భారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకి చెప్పిన కథలో ఆవిడ బతిమాలి కాదు, మాట్లాడి గెలిచింది. అందుకే ఆ కథ మొదట్నుంచీ చెప్తా.

మద్రదేశం రాజు అశ్వపతికి పిల్లల్లేరు, 18 ఏళ్ళు సావిత్రీదేవిని కొలిస్తే పుట్టిన కూతురు కాబట్టి అమ్మవారి పేరే పెట్టుకున్నాడు. పిల్ల తేజస్సు చూసి అడగడానికే ఎవ్వడూ ముందుకి రాలేదు, దాంతో తండ్రే నీకు నచ్చినవాణ్ణి నువ్వే వెతుక్కోమ్మా అని రథమెక్కించి పంపాడు. ఆవిడ అడవుల్లో ఆశ్రమాలన్నీ తిరిగి సత్యవంతుణ్ణి ఎంచుకుంది. సాళ్వదేశం రాజు ద్యుమత్సేనుడి కొడుకు, తండ్రికి చూపు పోతే అదును చూసి శత్రువు రాజ్యం లాక్కున్నాడు, అప్పటికి పిల్లాడు పసివాడు, అలా అడవిలోనే పెరిగాడు. చిన్నప్పుడు మట్టితో గుర్రాలు చేసేవాడట, గుర్రాల బొమ్మలు గీసేవాడట, అందుకే చిత్రాశ్వుడనే పేరు కూడా ఉంది.

ఆవిడ తిరిగొచ్చి తండ్రికి ఆ మాట చెప్తుంటే, అక్కడే ఉన్న నారదుడు సత్యవంతుడికి అన్నీ మంచి గుణాలే గానీ సరిగ్గా ఇవాళ్టికి ఏడాదికి చచ్చిపోతాడు అన్నాడు. తండ్రి ఇంకొకణ్ణి చూసుకోమ్మా అంటే, పిల్లని ఇచ్చేది ఒక్కసారే నాన్నా, ఎక్కువ బతికినా తక్కువ బతికినా మనసులో అనుకున్నది అతన్నే అంది. పెళ్ళయింది, నగలు తీసేసి నారబట్ట కట్టింది, నారదుడి మాట మాత్రం మొగుడికి చెప్పలేదు, ఏడాదంతా ఒక్కత్తే రోజులు లెక్కపెట్టుకుంటూ నవ్వుతూ తిరిగింది. ఇది ఎంత కష్టమో ఆలోచించండి.

ఆఖరి రోజులు దగ్గరపడ్డాయని మూడు రాత్రులు ఉపవాసం ఉండి, ఆ రోజు నేనూ అడవికి వస్తా అని బయల్దేరింది. పళ్ళు కోశారు, అతను కట్టెలు కొడుతుంటే ఒళ్ళంతా చెమట, తల పగిలిపోతోంది అని వచ్చి ఆవిడ ఒళ్ళో పడుకున్నాడు. కాసేపటికి ఎర్రబట్టలు, ఎర్రటి కళ్ళు, చేతిలో పాశంతో నల్లగా ఒకాయన నిలబడ్డాడు. ఆవిడ మొగుడి తల మెల్లగా కింద పెట్టి లేచి చేతులు జోడించి, స్వామీ మామూలుగా మీ దూతలు కదా వస్తారు, మీరే వచ్చారేంటి అంది! ఇంత ధర్మాత్ముడికి నేనే రావాలమ్మా అని బొటనవేలంత ప్రాణాన్ని లాగి కట్టి దక్షిణంగా నడిచాడు.

ఆవిడ వెనకాలే. వెళ్ళి కర్మలు చేసుకోమ్మా అంటే, ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహమంటారు పెద్దలు, మనం నడిచాం కదా, ఆ స్నేహం కొద్దీ ఒక మాట చెప్తా వినండి అని ధర్మం గురించి మొదలుపెట్టింది. తర్వాత ప్రతిసారీ అదే వరస, ఆవిడ సత్పురుషుల గురించి ఒక మాట చెప్తుంది, ఆయన సంతోషపడి వీడి ప్రాణం తప్ప ఏదైనా అడుగు అంటాడు. మొదట మామగారి చూపు, తర్వాత ఆయన రాజ్యం, మూడోది తన తండ్రికి నూరుగురు కొడుకులు. మనం ఇళ్ళల్లో మూడు వరాలే అని వింటాం గానీ అసలు కథలో ఐదు. ఇక్కడ గమనించండి, తనకంటూ మొదటి మూడిట్లో ఏమీ అడగలేదు, యముడికి అనుమానమే రాలేదు. నీ మాటలు దాహంతో ఉన్నవాడికి నీళ్ళలా ఉన్నాయమ్మా అని కూడా అన్నాడు.

నాలుగోసారి కూడా అదే కండిషన్, ఆవిడ నాకూ సత్యవంతుడికీ నూరుగురు కొడుకులు కావాలి అంది, ఆయన సరే అనేశాడు. అయినా తొందరపడలేదు, ఇంకా నడిచింది, ఇంకో మాట చెప్పింది, ఆయన మురిసిపోయి ఈసారి సాటిలేని వరం కోరుకో అన్నాడు. వీడి ప్రాణం తప్ప అనే మాట ఆయన నోటి నుంచి రాలేదు, ఆవిడ దాని కోసమే చెవులు రిక్కించుకుని ఉంది. స్వామీ ఈసారి ఆ మినహాయింపు పెట్టలేదు మీరు, సత్యవంతుడు బతకాలి, కొడుకులు పుడతారని మీరే వరమిచ్చి మొగుణ్ణి మీరే తీసుకెళ్తే మీ మాట ఏమైపోతుంది అంది. యమధర్మరాజనే పేరున్నవాడు మాట తప్పుతాడా, పాశం విప్పేశాడు, 400 ఏళ్ళు బతుకుతారు పొమ్మన్నాడు.

ఆవిడ వెనక్కొచ్చి మళ్ళీ తల ఒళ్ళో పెట్టుకుంది. అతను లేచి, ఎంతసేపు పడుకున్నాను, నన్ను లాగిన ఆ నల్లటాయన ఎవరు అన్నాడు, అంతా రేపు చెప్తాలెండి అంది. చీకటి పడింది, ఇంటి దగ్గర అమ్మానాన్న ఏమైపోతారో అని అతను అల్లాడిపోతుంటే పళ్ళబుట్ట చెట్టుకి తగిలించి, గొడ్డలి తను పట్టుకుని, అతని చెయ్యి భుజం మీద వేసుకుని నడిపించింది.

అక్కడ ఆశ్రమంలో ద్యుమత్సేనుడికి అప్పటికే చూపు వచ్చేసింది, కొడుకు కోడలు రాలేదని వెతుక్కుంటున్నాడు. అంత రాత్రివేళ ఇద్దరూ కలిసి వచ్చారు, పసివాడిగా తప్ప చూడని కొడుకు ముఖం, ఏడాదిగా గొంతు మాత్రమే తెలిసిన కోడలి ముఖం, ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు.